గూడు అమ్మేదాకా వేలు ఆగదు

ఈసారి ఆకు గురించీ, గూళ్ల ధర గురించీ కాకుండా కాలి బొటనవేలు గురించి రాస్తున్నాము. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చదివేది మాత్రం ఆపొద్దు. పోయిన పంటలో మా ఇంట్లో ఒక వేలు మూడు రోజుల్లో దారికొచ్చింది. రెండేళ్ల కిందట మా వీధిలోనే ఒక వేలు పోయింది. రెండూ మొదలైంది ఒకే రకంగా. గోరు మూల దగ్గర కొంచెం ఎరుపు, బూటు తగిలితే నొప్పి, అంతే.

మన పనిలో కాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నాలుగో జ్వరం లేచినాక పురుగు తినే తిండే తిండి. పుట్టినప్పటి నుంచి గూడు కట్టేదాకా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. ఆ రోజుల్లో తోటకీ ఇంటికీ నడక, కొమ్మల మోపులు మొయ్యడం, మంచు తడి, మళ్లీ పురుగులింట్లో రాత్రిదాకా నిలబడటం. ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఒకటే మాట, "ఉండనీప్పా, గూళ్లు మార్కెట్టుకి వేసినాక చూసుకుందాం." మేమూ ఇరవై ఏళ్లుగా అదే మాట అన్నాము. కొంచెం లెక్క వేయండి. జ్వరం లేచిన రోజు నుంచి మేత ఏడెనిమిది రోజులు, చంద్రికలకు ఎక్కించినాక గూళ్లు విడిపించేదానికి ఇంకో ఐదారు రోజులు, మార్కెట్టుకి ఒక రోజు. అంతా కలిపితే రెండు వారాలు. తలనొప్పికో, నడుం నొప్పికో రెండు వారాలు ఓర్చుకోవచ్చు. గోరు లోపలికి దిగిన వేలికి రెండు వారాలు ఇవ్వకూడదు అనేది మా మాట.

ముందు ఇది ఏమిటో చూద్దాం. చాలామంది దీన్ని గోరుచుట్టు అంటారు, కానీ కొంచెం తేడా ఉంది. గోరుచుట్టులో గోరు చుట్టూ ఉండే చర్మం వాస్తుంది. ఇక్కడ గోరు అంచే పక్కనున్న మెత్తటి కండలోకి పోతుంది. ఎక్కువగా బొటనవేలికే వస్తుంది. వేలిలో దిగిన ముల్లు ఎట్లా చేస్తుందో ఇదీ అట్లానే చేస్తుంది, కాకపోతే ఈ ముల్లు మన ఒంటిదే, రోజూ కొంచెం పెరుగుతూ ఉంటుంది. మొదట్లో వచ్చే ఎరుపు, వాపు ఆ ఒరిపిడి వల్ల. చీము ఇంకా చేరి ఉండదు. కండ చీరుకుపోయి క్రిమి లోపలికి పోయినాక కథ మారిపోతుంది. ఈ రెంటి మధ్య దొరికే కొద్ది రోజులే ఇంట్లో మనం ఏదైనా చెయ్యగలిగిన రోజులు.

మా తమ్ముడి కొడుకు సంగతి చెప్తాము. పందొమ్మిదేళ్లవాడు, చింతామణిలో డిగ్రీ చదువుతాడు, సెలవుల్లో పనికి వస్తాడు. పోయిన పంటకు 150 గుడ్ల చాకీ తెచ్చినాము. నాలుగో జ్వరం లేచిన రెండో రోజు వాడు కొమ్మలు మోసుకొస్తూ కుంటడం కనపడింది. ఏమిరా అంటే ఏమీ లేదు పెద్దనాన్నా అన్నాడు. బూటు విప్పించి చూసినాము. కుడికాలి బొటనవేలు, రెండో వేలి వైపు మూలలో కందిగింజంత ఎరుపు. ముట్టుకుంటే అబ్బా అన్నాడు. చీము లేదు, వాసన లేదు, జ్వరం లేదు. ఎరుపు ఆ మూల దాటలేదు.

కారణం అడిగితే రెండు బయటపడినాయి. రెండు వారాల ముందు బ్లేడుతో గోళ్లు తీసుకుంటూ మూలలు గుండ్రంగా, లోతుగా తీసేసినాడు. అట్లా తీస్తే పక్క కండ పైకి లేచి గోరు దారికి అడ్డం వస్తుంది, గోరు పెరిగేటప్పుడు నేరుగా ఆ కండలోకే పోతుంది. రెండోది గమ్ బూట్లు. తోట తడిగా ఉందని తన తమ్ముడి బూట్లు వేసుకున్నాడు. అవి ఒక సైజు చిన్నవి. లోపల చెమట, తడి, ముందు వైపు నొక్కుడు. నానిన చర్మంలోకి గోరు దిగడం సులభం. ఇవి చాలవన్నట్టు కొట్టేసిన మల్బరీ మోడు ఒకటి ఆ వేలికే తగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దలు.

మోడు తగిలినప్పుడు చర్మం చీరిందా అని మొదట చూసినాము. చీరలేదు. చీరి ఉంటే, మట్టి తగిలి ఉంటే, టీటీ ఇంజెక్షన్ సంగతి చూసుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివాళ్లు ఆస్పత్రిలో అడగండి.

ఇంక నానబెట్టడం. ఇది చాలా సులభం, కానీ మనవాళ్లు నాలుగు తప్పులు చేస్తారు. మేము చేసినట్టే చెప్తాము.

మొదటిది టబ్బు. పురుగులింట్లో సున్నం, బ్లీచింగు కలిపే టబ్బు, ఫార్మాలిన్ కొలిచే మగ్గు, వీటిని దీనికి వాడొద్దు. ఎంత కడిగినా అడుగున ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. స్నానం బకెట్టో, పాత అన్నం గిన్నెలో ఒకటో తీసి సబ్బుతో కడిగి పెట్టుకోండి. కాలు మొత్తం మునిగే పని లేదు, వేళ్లు మునిగితే చాలు.

రెండోది నీళ్ల వేడి. వేడి ఎక్కువైతే మంచిది అనుకుంటారు, కాదు. మోచేతి మీద పోసుకుంటే హాయిగా ఉండాలి, చుర్రుమనకూడదు. పసిబిడ్డకు స్నానం చేయించే నీళ్లంత వేడి అనుకోండి. తాగే నీళ్లో, కాచి చల్లార్చిన నీళ్లో అయితే మేలు. చెరువు నీళ్లు, తోటకు పారించే తొట్టి నీళ్లు వద్దు. కొంచెం సబ్బు కలుపుకోవచ్చు. ఉప్పు కావాలంటే లీటరుకు చిన్న చెంచాతో రెండు చాలు. ఉప్పు వెయ్యకపోయినా పని జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ పని చేసేది గోరూ చర్మమూ మెత్తబడటమే. డెట్టాల్ గట్టిగా కలిపితే చర్మం కాలుతుంది, అది వద్దు.

మూడోది ఎంతసేపు అన్నది. పది నుంచి ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఇదే మన పంట రోజుల్లో కుదరదంటారు. మేము మేతకు ముడిపెట్టినాము. పొద్దున మేత వేసి వచ్చినాక ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి, రాత్రి మేత అయినాక ఒకసారి. వాడు కాలు గిన్నెలో పెట్టి ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. ఫోను చూసేదానికి ఎట్లా ఒక గంట పోతుంది కదా, ఆ గంటలోనే ఇది అయిపోయింది.

నాలుగోది ఆరబెట్టడం. దీన్ని అందరూ మర్చిపోతారు. నానబెట్టి అట్లే తడికాలితో చెప్పు తొడుక్కుంటే ముందుకన్నా చెడు. శుభ్రమైన బట్టతో వేళ్ల సందులతో సహా అద్దాలి, రుద్దకూడదు. ఆ తర్వాత మెత్తబడిన పక్క కండను దూదిపుల్లతో గోరు నుంచి దూరంగా మెల్లగా ఒత్తాలి. నొప్పి పుట్టేదాకా ఒత్తొద్దు. దూది కొంచెం తీసి పత్తివత్తిలా సన్నగా చేసి గోరు అంచు కింద పెడితే గోరు కండ మీద నుంచి కొంచెం లేస్తుంది. మాకు మొదటి రోజు అది దూరలేదు, వదిలేసినాము. రెండో రోజు రాత్రి నానబెట్టినాక సులభంగా పోయింది. దూరకపోతే సూదితో, పిన్నుతో తోయవద్దు. పెట్టిన దూది నానబెట్టిన ప్రతిసారీ తీసి కొత్తది పెట్టాలి, లేకుంటే అదే క్రిములకు ఇల్లవుతుంది. పైన కొంచెం వాసలీను రాసి, పలచటి గాజుగుడ్డ వదులుగా చుట్టినాము. ఇదంతా చేసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఆకు ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పినాము.

ఇంకో పని చేసినాము, ఇది అందరూ చెయ్యండి. మొదటి రోజు రాత్రే బాల్ పెన్నుతో ఎరుపు అంచు మీద గీత గీసినాము. పక్కన ఫోనులో ఫోటో. ఎరుపు పెరిగిందా తగ్గిందా అని ఇంట్లో నలుగురు నాలుగు మాటలు అంటారు, గీత అయితే ఒకటే మాట చెప్తుంది. నానితే గీత చెరిగిపోతుంది, పాత చోటే మళ్లీ దిద్దుకోవాలి. రెండో రోజు ఎరుపు గీత దగ్గరే ఉంది, నొప్పి కొంచెం తక్కువ. మూడో రోజు పొద్దున ఎరుపు గీత లోపలికి వచ్చింది. ఐదో రోజుకు ముట్టుకుంటే నొప్పి లేదు. అన్ని రోజులూ వాడికి గమ్ బూట్లు ఇవ్వలేదు, ముందు తెరిచి ఉండే చెప్పులే. తోట పని మేము చూసుకున్నాము, వాడు ఇంట్లో మేత వేసినాడు. రెండు రాత్రులు నొప్పికి పారాసెటమాల్ 500 మాత్ర ఒక్కోటి వేసుకున్నాడు.

మూడో రోజు ఎరుపు తగ్గకుండా గీత దగ్గరే ఉండి ఉంటే ఏం చేసేవాళ్లం? ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్లం. ముందే అట్లా అనుకున్నాము. రెండు మూడు రోజులు నానబెట్టినా తగ్గేదారి పట్టకపోతే అది ఇంటి పని కాదు. ఇంకో రెండు రోజులు చూద్దాం అనేదానికి చోటు ఇవ్వొద్దు.

ఇప్పుడు మనవాళ్లు చేసే పనుల గురించి కొంచెం కోపంగానే రాయాలి.

ఒకటి, బ్లేడు. మూల లోపల దిగిన ముక్కను తవ్వి తీసేస్తే ఆ రాత్రి ప్రాణం హాయిగా ఉంటుంది, నిజమే. అందుకే అందరూ చేస్తారు. కానీ లోపల ఒక చిన్న ముల్లులాంటి ముక్క మిగులుతుంది. గోరు పెరిగేకొద్దీ అది ఇంకా లోతుగా దిగుతుంది. పైగా బ్లేడు చేసిన గాయం క్రిమికి తలుపు తీసినట్టే. గోరు నడుమ వీ ఆకారంలో కోస్తే అంచులు లోపలికి లాక్కుంటాయని మా తాతల నాటి నుంచి ఒక మాట ఉంది. గోరు పెరిగేది మొదలు నుంచి, కొసలో గాటు పెడితే అంచులు ఎటూ కదలవు. ఆ గాటు వల్ల ఏ లాభమూ లేదు.

రెండు, సున్నం పసుపు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పైన గట్టిగా పట్టు కడితే కింద చీము ఉందో లేదో కనపడదు. ఎరుపు గీత ఎక్కడుందో అసలే తెలియదు.

మూడు, మన పనివాళ్లకే వచ్చే ఆలోచన ఇది. బ్లీచింగు నీళ్లు వైరస్‌ను, బూజును చంపుతాయి కదా, వేలిలో క్రిమిని చంపవా అని. పురుగులింటి గడప దగ్గర గోనెపట్టా బ్లీచింగు నీళ్లలో తడిపి పెడతాము, దాని మీద ఉత్తకాళ్లతో నిలబడి "ఇదే మందు" అన్నవాళ్లను చూసినాము. పురుగుల పడక మీద చల్లే పొడిని పుండు మీద చల్లినవాళ్లూ ఉన్నారు. ఆ మందులు గోడకు, నేలకు, తట్టలకు, పడకకు చేసినవి. పచ్చి కండ మీద పడితే క్రిమితో పాటు మాననిచ్చే కండనూ కాలుస్తాయి. గడప దగ్గర పట్టా ఉండాల్సిందే, కానీ పురుగులింటికి వేరే చెప్పులు పెట్టుకుని వాటితోనే తొక్కండి. వేలికి దెబ్బ ఉన్నవాళ్లు ఉత్తకాలితో ఆ పట్టా తొక్కొద్దు.

నాలుగు, మందుల అంగడి. ఏదో ఒక ఆంటీబయాటిక్ మూడు రోజులకు తెచ్చి వేసుకుంటారు. తగ్గినట్టు ఉంటుంది, మళ్లీ వస్తుంది. గోరు ముక్క లోపలే ఉంటే మాత్ర ఏం చేస్తుంది? ముల్లు తియ్యకుండా పుండు మాన్పినట్టు. తామరకు రాసే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిపినవి చాలా ఉంటాయి. అవి రాస్తే ఎరుపు తగ్గినట్టు కనపడుతుంది, లోపల చీము మాత్రం పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా ఆ ట్యూబు వేలికి వద్దు.

ఇప్పుడు మా వీధి మామ సంగతి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాము, పేరు మాత్రం రాయము. యాభై దాటిన మనిషి, షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. రెండేళ్ల కిందట ఆయనకూ ఇట్లాగే మూల ఎర్రబడింది. అప్పుడు ఆయన పురుగులు ఐదో దశలో ఉన్నాయి. బ్లేడుతో తవ్వుకున్నాడు, సున్నం పసుపు పెట్టుకున్నాడు, రోజూ బ్లీచింగు పట్టా తొక్కినాడు, వేడినీళ్లలో కాలు పెట్టుకున్నాడు. ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆయనకు తెలియలేదు, పాదం మీద బొబ్బలు లేచినాయి. నొప్పి ఉందా మామా అంటే "ఏమీ లేదప్పా, తగ్గింది" అనేవాడు. నొప్పి లేకపోవడమే అక్కడ చెడ్డ సంగతి. షుగర్ చాలా ఏళ్లు ఉంటే పాదంలో నరాలు మొద్దుబారిపోతాయి. నొప్పి, వేడి రెండూ తెలియవు. రక్తం సరిగా అందదు కాబట్టి పుండు మానదు. తొమ్మిదో రోజు గూళ్లు విడిపించేటప్పుడు అత్తకు వాసన తగిలింది. గూళ్లలో చచ్చిన పురుగు వాసన అనుకుందంట. వాసన వేలి నుంచి వస్తుందని తెలిసేసరికి వేలి కొస నల్లబడింది. పెద్దాస్పత్రిలో వేలు తీసేసినారు, పాదం దక్కింది. ఆ పంటలో గూళ్లకు వచ్చిన డబ్బు ఆస్పత్రికి చాలలేదు.

అందుకే షుగర్ ఉన్నవాళ్లకు మేము పైన రాసిన మూడు రోజుల లెక్క వర్తించదు. వాళ్లకు మొదటి రోజే ఆస్పత్రి. నానబెట్టడం కూడా వద్దు, కాలిపోతుంది, చర్మం నాని చీలుతుంది. కాళ్లకు రక్తం సరిగా పారనివాళ్లు, కొంచెం నడిస్తే పిక్కలు పట్టేసి ఆగిపోయేవాళ్లు, పాదం తిమ్మిరి ఉన్నవాళ్లు, ఒంట్లో శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, వీళ్లందరికీ ఇదే మాట. ఇంట్లో పెద్దవాళ్లకు షుగర్ ఉందో లేదో తెలియకపోతే ఈ వేలు వంకతోనైనా ఒకసారి రక్తం చూపించండి. మా మామ షుగర్ మాత్రలు పంట రోజుల్లో మర్చిపోయేవాడు, అది కూడా ఆ నష్టంలో ఒక పాలు.

షుగర్ లేనివాళ్లు కూడా ఏ గుర్తు చూస్తే ఆగకుండా పోవాలో చెప్తాము. గోరు పక్క నుంచి తెల్లగానో పసుపుగానో చీము రావడం మొదటిది. చీము కనపడకపోయినా వేలు బిగిసి, గుండె కొట్టుకున్నట్టు లోపల ఠప్ ఠప్ మని, రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే లోపల చీము పట్టిందనుకోవాలి. ఎరుపు పెన్ను గీత దాటి వేలి మొదలు వైపు, పాదం మీదికి పోతుంటే ఆ పూటే పోవాలి. గోరు పక్కన ఎర్రటి మెత్తటి కండ బుడిపెలా లేచి, ముట్టుకుంటే రక్తం కారుతుంటే అది నానబెడితే పోయేది కాదు, డాక్టరే చూడాలి.

అన్నిటికన్నా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వేలి నుంచి పాదం మీదుగా కాలి పైకి ఎర్రటి చార పాకడం, గజ్జల్లో బిళ్ల కట్టి నొప్పి పెట్టడం, చలితో జ్వరం రావడం, వేలు చల్లబడి నీలంగానో నల్లగానో మారడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా మేత వేసి పోదాం అనుకోవద్దు, రాత్రి అయినా సరే బయలుదేరాలి. మన పురుగులకు జ్వరం అంటే నిద్ర, ఒక రోజుంటే లేచి కుబుసం విడిచి ఆకు తింటాయి. మనిషికి పుండుతో వచ్చే జ్వరం అట్లా కాదు. క్రిమి రక్తంలోకి పోతోందని దాని అర్థం కావచ్చు.

ఆడవాళ్లకు ఒక మాట. బొటనవేలి వాపు పక్క వేలికి పాకకముందే మెట్టెలు తీసేయండి. వాచినాక రావు, వేలికి రక్తం ఆడకుండా బిగుస్తాయి. సబ్బు నురగ రాస్తే సులభంగా వస్తాయి. మెట్టెలు తియ్యడం మంచిది కాదని పెద్దవాళ్లు అంటే, వేలు మానినాక మళ్లీ పెట్టుకుంటుందని చెప్పండి. ఆస్పత్రిలో మెట్టెను కత్తిరించి తియ్యాల్సి వస్తే అది ఇంకా బాధ.

డాక్టరు దగ్గరికి పోయేదానికి చాలామంది వెనకాడేది గోరు మొత్తం పీకేస్తారన్న భయంతో. మామూలుగా అట్లా చెయ్యరు. వేలి మొదట్లో మత్తు సూది వేస్తారు, ఆ సూది మాత్రం నొప్పే, దాచడం ఎందుకు. తర్వాత తెలియదు. లోపలికి దిగిన వైపు గోరును నిలువుగా సన్నటి పట్టీలాగా కోసి తీస్తారు. మాటిమాటికీ వచ్చేవాళ్లకు ఆ పట్టీ మొదలులో ఫినాల్ అనే మందు పెడతారు, ఆ పక్క గోరు మళ్లీ మొలవకుండా. మొత్తం పని అరగంట, అదే రోజు ఇంటికి. రెండు మూడు రోజులు కాలు ఎత్తి పెట్టుకుని, వాళ్లు చెప్పినట్టు కట్టు మార్చుకుంటే చాలు. ఆంటీబయాటిక్ అవసరమైతే వాళ్లే రాస్తారు, రాసినన్ని రోజులు పూర్తిగా వేసుకోవాలి. గూళ్లు కొన్ని తక్కువైనా సరే, ఐదో దశలో ఒక మనిషి మూడు రోజులు కూర్చుంటే పంట పోదు. పక్కింటివాళ్లను ఒక పూట మేతకు పిలవండి, తర్వాత మీరూ వాళ్లకు పోతారు.

ఇంత చిన్నదానికి ఇంత రాయాలా అని మా అన్న ఒకాయన హొసూరు నుంచి ఫోనులో అన్నాడు. ఆయన వాదన ఏమంటే, మా నాన్నకు పదిసార్లు వచ్చింది, పదిసార్లూ బ్లేడుతోనే తీసుకున్నాడు, ఏమీ కాలేదు అని. నిజమే, చాలామందికి ఏమీ కాదు. కానీ పదిసార్లు ఎందుకు వచ్చింది అని ఆయన అడగలేదు. బ్లేడుతో తీసినందుకే మళ్లీ మళ్లీ వచ్చింది.

గోరు తీసే పద్ధతి ఒక్కటి సరిచేసుకుంటే చాలావరకు ఇది రాదు. స్నానం అయినాక గోరు మెత్తగా ఉన్నప్పుడు గోరుకత్తెరతో అడ్డంగా నేరుగా తీయాలి. వేలి కొసతో సమంగా ఉండాలి, అంతకన్నా లోతుకు పోవద్దు. రెండు మూలలూ కండ మీద బయటికి కనపడుతూ ఉండాలి. మూల మరీ గుచ్చుతుంటే అరంతో కొంచెం రాయాలి గానీ లోపలికి తవ్వకూడదు. బూట్లలో వేళ్లు కదలాలి. గమ్ బూట్లు పొద్దున తోటకు వేసుకుంటే ఇంటికి రాగానే విప్పి బోర్లించి ఆరబెట్టాలి, పగలంతా వాటిలో ఉండొద్దు.

మా వాడి వేలు ఐదో రోజుకు నొప్పి తగ్గింది అన్నాము గానీ గోరు పూర్తిగా బయటికి రావాలంటే అప్పటికి కుదరదు. కాలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుందంతే. మూల కండను దాటి బయటికి వచ్చేదానికి రెండు మూడు నెలలు పట్టింది. అన్ని నెలలూ రాత్రి ఒకసారి నానబెట్టి, దూది పెట్టుకుని పడుకున్నాడు. అందులో ఇంకో పంట కూడా అయిపోయింది. ఇప్పుడు పురుగులింటి గడప పక్కన ఆకు కత్తి వేలాడే మేకుకే ఒక గోరుకత్తెర దారంతో కట్టి పెట్టినాము. బ్లేడు పెట్టె దాచేసినాము. ఆ చిన్న గమ్ బూట్లు వాడి తమ్ముడివి వాడి తమ్ముడికే ఇచ్చేసినాము, వాడికి వేరేవి ఒక సైజు పెద్దవి కొన్నాము.